టెక్సాస్‌లో సిమ్, గాజువాకలో ఖాతా: ఓటీపీ రానప్పుడు ఏం చెయ్యాలి

ప్రశ్న: సార్, మాది విశాఖపట్నం, గాజువాక. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో టెక్సాస్ వచ్చాను. ఇక్కడ కొత్త ఐఫోన్ కొన్నాను. దానికి సిమ్ పెట్టే స్లాటే లేదు. అందుకని ఇండియా సిమ్‌ని పాత శామ్‌సంగ్ ఫోన్‌లోనే ఉంచి రోమింగ్ ఆన్ చేశాను. అయినా బ్యాంకు ఓటీపీలు రావట్లేదు, వస్తే అర్ధరాత్రి నాలుగైదు ఒకేసారి వచ్చిపడుతున్నాయి. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ ఈ వారంలో కట్టాలి. నా ఖాతాలో డబ్బుంది, కదపలేకపోతున్నాను. నాన్నగారేమో “సిమ్ ఇంటికి పంపించెయ్, ఓటీపీ వచ్చినప్పుడు నేను చదివి చెప్తాను” అంటున్నారు. పంపించమంటారా? సంక్రాంతికి ఇంటికి వస్తున్నాను. అప్పుడైనా ఇది శాశ్వతంగా తేలే దారి ఉందా?

జవాబు: ముందు వడ్డీ సంగతి తేల్చేద్దాం బాబూ, మీ టెన్షన్‌లో సగం దాని గురించే. లోన్ ఖాతాలో డబ్బు వెయ్యడానికి మీ ఓటీపీ అక్కర్లేదు. ఖాతాలోంచి డబ్బు బయటికి పోయేటప్పుడే “ఇది మీరేనా” అని బ్యాంకు అడుగుతుంది. అప్పు కడతానంటే ఎవరు కట్టినా తీసుకుంటుంది. మీ నాన్నగారు లోన్ ఖాతా నంబరు తీసుకుని మీ బ్రాంచికి వెళ్తే కౌంటర్లోనే జమ చేయించుకోవచ్చు. నగదు పెద్ద మొత్తం అయితే పాన్ నంబరు అడగొచ్చు. ఇంట్లో నుంచే పంపాలంటే లోన్ ఖాతా నంబరు, ఆ బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పెట్టి తన ఖాతా నుంచి నెఫ్ట్ చేస్తే చాలు. చాలా బ్యాంకుల్లో లోన్ ఖాతాలోకి అలా నేరుగా జమవుతుంది. మొదటిసారి కాబట్టి బ్రాంచికి ఒక్క ఫోన్ చేసి అడిగి పంపమనండి. ఈ వారం గండం అక్కడితో గడిచిపోతుంది. మిగతాది నింపాదిగా చూద్దాం.

సిమ్ మాత్రం ఇప్పుడే పంపించొద్దు. ముందు తప్పు ఎక్కడుందో కనిపెట్టాలి. నేను ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి. విదేశాల నుంచి ఫోన్ చేసే పిల్లలందరూ “రోమింగ్ ఆన్‌లోనే ఉంది సార్” అనేవారు. విడదీసి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రోమింగ్ గురించి మాట్లాడేవారు. ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, మీ నంబరు మీద మామూలు రీచార్జ్ గడువు ఉండటం. రెండోది, ఆ నంబరుకి అంతర్జాతీయ రోమింగ్ సేవను కంపెనీ తన వైపు నుంచి తెరిచి ఉంచడం. ఇది కంపెనీ యాప్‌లో కనిపిస్తుంది, అక్కడే ఆన్ చేసుకోవాలి. మూడోది ఫోన్‌లో ఉండే డేటా రోమింగ్ బటన్. పిల్లలు ఎక్కువగా నొక్కేది ఈ మూడోదాన్నే. అది ఇంటర్‌నెట్ కోసం ఉన్నది, ఓటీపీకి దానితో సాధారణంగా పనిలేదు. పైగా ప్యాక్ లేకుండా అది ఆన్‌లో ఉంటే బిల్లు వాచిపోతుంది. కాబట్టి మూడోదాన్ని ఆపెయ్యండి, మొదటి రెండూ ఉన్నాయో లేదో యాప్‌లో చూడండి. రీచార్జ్ అయిపోయి ఉంటే మీ నాన్నగారు అక్కడి నుంచే చేయించగలరు. రోమింగ్‌లో వచ్చే ఎస్‌ఎంఎస్‌కి మామూలుగా డబ్బు పడదు. ఆ సిమ్‌కి వచ్చిన ఫోన్ కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది, ఎత్తకండి.

ఇది చూసుకున్నాక చిన్న పరీక్ష చేయండి. మీ నాన్నగారిని మీ ఇండియా నంబరుకి “టెస్ట్” అని ఒక మామూలు మెసేజ్ పంపమనండి. వాట్సాప్ కాదు, ఎస్‌ఎంఎస్. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఈ రోజుల్లో ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి పంపే మెసేజ్ కొన్నిసార్లు ఎస్‌ఎంఎస్‌గా కాకుండా RCS పేరుతో ఇంటర్‌నెట్ మీద వెళ్తుంది. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి పంపితే iMessage అయిపోతుంది. అలా వచ్చిందాన్ని చూసి “మెసేజ్‌లు వస్తున్నాయి, బ్యాంకువే రావట్లేదు” అని తిట్టుకుంటారు. అందుకే ఇంట్లో ఎవరి దగ్గరైనా కీప్యాడ్ ఫోన్ ఉంటే దాన్నుంచి పంపమనండి.

ఆ టెస్ట్ మెసేజ్ నిమిషంలోపు వచ్చిందంటే మీ సిమ్, రోమింగ్ రెండూ బాగున్నట్టే. అప్పుడు బ్యాంకు వైపు చూడాలి. బ్యాంకు దగ్గర మీ పాత నంబరేమైనా ఉందా, మెసేజ్‌ల యాప్‌లో Spam & blocked అనే చోట ఓటీపీలు పడిపోతున్నాయా అని చూడండి. డీఎన్‌డీ పెట్టుకున్నందువల్ల ఓటీపీలు ఆగిపోవు, ఆ అనుమానం అక్కర్లేదు. కానీ మీ ఉత్తరాన్ని బట్టి నా అంచనా వేరు. అర్ధరాత్రి నాలుగైదు ఒకేసారి వస్తున్నాయన్నారు చూడండి, అసలు గుట్టు అందులోనే ఉంది. బ్యాంకు పంపుతోంది, మన దేశపు కంపెనీ అందుకుంటోంది, మీ ఫోన్ ఎక్కడుందో ఆ కంపెనీకి తెలియడం లేదు.

ఊరు మారినవాళ్లు పోస్టాఫీసులో కొత్త అడ్రస్ ఇచ్చినట్టే, ఫోన్ కూడా పరాయి దేశంలో ఏదో ఒక నెట్‌వర్క్‌లో నమోదై “నేనిక్కడున్నాను” అని సొంత కంపెనీకి కబురు పెట్టాలి. ఆ కబురు అందేదాకా మీకొచ్చిన మెసేజ్ కంపెనీ దగ్గరే ఆగి ఉంటుంది. ఫోన్ ఎప్పుడో అర్ధరాత్రి ఒక సిగ్నల్ పట్టుకోగానే ఆగినవన్నీ వరసగా వచ్చేస్తాయి. ఓటీపీ బతికేది కొద్ది నిమిషాలే కాబట్టి అవి వచ్చేసరికి పనికిరావు. అందుకని రాలేదు కదా అని మళ్లీ మళ్లీ Resend నొక్కకండి. నాలుగోసారి అడిగాక మొదటి మూడు కోడ్లూ చెల్లవు. తెలియక పాత కోడ్ కొట్టి, అది తప్పయి, ఇంకోటి కొట్టి, చివరికి నెట్ బ్యాంకింగ్ లాక్ అయిపోయినవాళ్లు నాకు తెలుసు.

ఇక మీ పాత ఫోన్ అక్కడ ఎందుకు నిలకడగా నమోదవడం లేదు? మన దగ్గర చాలా సిమ్‌లకి 4జీ అందకపోతే ఫోన్ 2జీకి దిగి అయినా మెసేజ్ పట్టుకుంటుంది. అమెరికాలో ఆ కింది మెట్లు దాదాపు తీసేశారు. అక్కడి పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ ఆపేశాయి. అంటే మీ సిమ్ 4జీ మీదే పట్టుకోవాలి. మన దేశం కోసం తయారైన ఫోన్లలో కొన్నింటికి అక్కడి కంపెనీలు సిగ్నల్ పంపడానికి వాడే బ్యాండ్లు అన్నీ ఉండవు. అందుకే గదిలో సిగ్నల్ లేకుండా, కిటికీ దగ్గరో బస్ స్టాప్‌లోనో ఒక గీత వచ్చి మళ్లీ పోతూ ఉంటుంది. ఫోన్ పై అంచు చూడండి. No service అనో Emergency calls only అనో ఉంటే నమోదు కానట్టు. ఏదో అమెరికా నెట్‌వర్క్ పేరు, గీతల పక్కన చిన్న R అక్షరం కనిపిస్తే నమోదైనట్టు.

దాన్ని చేత్తో నమోదు చేయించవచ్చు. పాత ఫోన్ తీసుకుని సిగ్నల్ బాగా ఉండే చోటికి వెళ్లండి. ముందు ఆ సిమ్‌కి VoLTE బటన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. నెట్‌వర్క్ మోడ్‌ని LTE/3G/2G (auto connect) మీద ఉంచండి. తర్వాత ఈ దారిలో వెళ్లండి:

```
Settings > Connections > Mobile networks > Network operators
```

అక్కడ Select automatically అన్నది ఆపితే ఫోన్ ఒకటి రెండు నిమిషాలు వెతికి చుట్టుపక్కల ఉన్న నెట్‌వర్క్‌ల జాబితా చూపిస్తుంది. AT&T, T-Mobile, Verizon లాంటి పేర్లు ఉంటాయి. ఒకటి నొక్కి ఆగండి. “కుదరదు” అని వస్తే మీ కంపెనీకి దానితో ఒప్పందం లేదన్నమాట, తర్వాతిది నొక్కండి. ఒకటి పట్టుకోగానే ఫోన్‌ని ఒకసారి ఆపి ఆన్ చేసి, రెండు నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత మీ నాన్నగారి చేత మళ్లీ టెస్ట్ పంపించండి. అది వచ్చాకే బ్యాంకు యాప్ తెరిచి ఓటీపీ అడగండి, అదీ ఒక్కసారే. నా దగ్గరికి ఈ బాధతో ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమందికి పని అయ్యింది ఈ ఒక్క మార్పుతోనే. ఆటోమేటిక్‌లో వదిలేస్తే ఫోన్ తనకు నచ్చిన నెట్‌వర్క్‌నే పట్టుకుని వేలాడుతుంది. అది మీ కంపెనీకి సరిపడనిదైనా సరే, అక్కడి నుంచి కదలదు. అన్ని పేర్లూ ప్రయత్నించాక కూడా నమోదు కాకపోతే లోపం ఆ ఫోన్‌ది. అదే సిమ్‌ని అక్కడ మీ రూమ్మేట్ దగ్గర స్లాట్ ఉన్న ఫోన్ ఏదైనా ఉంటే దాంట్లో పది నిమిషాలు పెట్టి చూస్తే తేలిపోతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన ఆలోచనలో ప్రేమ ఉంది, మా ఇంట్లోనూ అదే చేశాం. మా అమ్మాయి కెనడాలో చదివిన రెండేళ్లూ దాని సిమ్ సీతమ్మధారలో మా వంటింటి అలమరాలో, పోపుల డబ్బా పక్కన ఒక కీప్యాడ్ ఫోన్‌లో ఉండేది. అది ఫోన్ చేసి “నాన్నా, ఓటీపీ” అంటే నేను కళ్లజోడు వెతుక్కుని ఒక్కో అంకె చదివేవాణ్ణి. ఒక రాత్రి కరెంటు పోయింది. ఆ ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందని ఎవరూ చూసుకోలేదు. అక్కడ దానికి ఫీజు కట్టే ఆఖరి రోజు. మేం నిద్రలో ఉన్నాం. పొద్దున్న చార్జింగ్ పెట్టగానే టింగ్ టింగ్ టింగ్ అని మూడు కోడ్లు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. లేటు ఫీజు పడింది. మన ఊరికి తుఫాన్లు కొత్త కాదు కదా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. సిమ్ విశాఖలో ఉంటే విశాఖ వాతావరణం మీద మీ ఖాతా ఆధారపడుతుంది. పైగా మీకు పగలు అయితే వాళ్లకి రాత్రి. టెక్సాస్‌కీ మనకీ తేడా చలికాలంలో పదకొండున్నర గంటలు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఓటీపీ అంటే మీకు వచ్చే మెసేజ్. దాన్ని ఎవరైనా చదివి చెప్పొచ్చు. కానీ బ్యాంకు యాప్‌ని, యూపీఐని కొత్త ఫోన్‌లో మొదలుపెట్టేటప్పుడు మీ సిమ్ నుంచే బ్యాంకుకి ఒక మెసేజ్ బయటికి వెళ్లాలి. ఆ ఫోన్‌లో ఆ సిమ్ ఉందని రుజువు అది. సిమ్ గాజువాకలో, యాప్ టెక్సాస్‌లో ఉంటే ఆ మెసేజ్ వెళ్లే దారి లేదు. ఎవరు ఎన్ని అంకెలు చదివినా లాభం లేదు. కాల్ ఫార్వర్డ్ పెడితే సరిపోతుంది కదా అంటారు కొందరు. కాల్ ఫార్వర్డ్ కాల్స్‌ని మాత్రమే మళ్లిస్తుంది, ఎస్‌ఎంఎస్‌ని మళ్లించదు. వచ్చిన ఎస్‌ఎంఎస్‌ని ఈమెయిల్‌కో టెలిగ్రామ్‌కో పంపే యాప్‌లు ఉన్నాయి. దయచేసి వాటి జోలికి పోకండి. మీ ఖాతా తాళంచెవిని ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టినట్టే.

ఇంకో భయం కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మీ నాన్నగారికి బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా, వారానికి రెండుసార్లు మీకు చదివి వినిపించడం అలవాటైతే ఆ జాగ్రత్త సడలిపోతుంది. ఒకరోజు ఎవడో ఫోన్ చేసి “మీ అబ్బాయి యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాం, ఫీజు ఆగిపోయింది, ఇప్పుడొచ్చిన నంబరు చెప్పండి” అంటాడు. కొడుకు చదువు మాట రాగానే ఏ తండ్రి చెయ్యి వణకదు? తప్పనిసరై సంక్రాంతి దాకా సిమ్ ఇంట్లో పెట్టాల్సొస్తే, ముందు మీరు వీడియో కాల్ చేసి మొహం కనబడితేనే నంబరు చదవాలని ఆయనతో గట్టిగా అనుకోండి. పొరపాటున ఎవరికైనా చెప్పేస్తే, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, తర్వాత బ్యాంకుకి చెప్పాలి.

సంక్రాంతి ప్రయాణంలో చెయ్యాల్సిన పని ఇప్పుడు చెప్తాను. శాశ్వత పరిష్కారం ఇక్కడే ఉంది. పండగకి రెండు రోజుల ముందు దిగితే కుదరదు. భోగి నుంచి కనుమ దాకా సెలవులు పోను, రెండో శనివారం, ఆదివారం పోను, బ్రాంచి తెరిచి ఉండే నాలుగు రోజులైనా చేతిలో ఉండేలా టికెట్ చూసుకోండి.

మొదటి పని, ఆ సిమ్‌ని ఈ-సిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్‌గా మార్చుకోవడం. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14 సిరీస్ నుంచి సిమ్ ట్రే తీసేశారు. కానీ అందులో ఒకేసారి రెండు ఈ-సిమ్‌లు పనిచేస్తాయి, ఒకటి అక్కడిది, ఒకటి మనది. అక్కడి నెట్‌వర్క్‌లకి తగినట్టు తయారైన ఫోన్ కాబట్టి మీ పాత శామ్‌సంగ్‌కి వచ్చిన బ్యాండ్ల బాధ కూడా పోతుంది. అయితే బయల్దేరే ముందే ఒకటి చూసుకోండి. ఐఫోన్‌లో Settings > General > About లోకి వెళ్లి Carrier Lock అన్న చోట No SIM restrictions అని ఉందా? వాయిదాల మీద ఫోన్ కంపెనీ దగ్గర కొని ఉంటే అది లాక్ అయి ఉండొచ్చు. అప్పుడు మన ఈ-సిమ్ అందులో పనిచెయ్యదు. లాక్ తీసే షరతులేమిటో ఆ కంపెనీని ఇప్పుడే అడగండి, జనవరిలో కాదు.

ఈ-సిమ్ మార్పుకి వైజాగ్‌లో దిగిన మర్నాడే వెళ్లండి, తిరుగు ప్రయాణం ముందురోజు కాదు. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఆ నంబరుకి ఎస్‌ఎంఎస్‌లు రావు, పోవు. సిమ్ స్వాప్ మోసాల్ని ఆపడానికి 2022లో టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. ఆ ఒక్క రోజు కోడ్లు రాకపోతే కంగారుపడి మళ్లీ మార్చించకండి, గడియారం మళ్లీ మొదటికొస్తుంది. సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా ఇప్పుడే అడిగి తెలుసుకోండి. ఇంటర్ రోజుల్లో తీసిన సిమ్‌లు చాలావరకు తండ్రి పేరు మీదే ఉంటాయి. అలాగైతే స్టోర్‌కి ఆయన తన ఆధార్‌తో మీతో పాటు రావాలి. కుదిరితే మీ పేరుకి మార్పించుకోవడమే మంచిది.

రెండో పని బ్యాంకులో. ఇది చాలామంది విద్యార్థులకి తెలియదు. చదువు కోసం విదేశానికి వెళ్లినవాళ్లని విదేశీ మారకం చట్టం కింద ఎన్నారైలుగానే చూడాలని రిజర్వ్ బ్యాంకు 2003 డిసెంబరులోనే చెప్పింది. అంటే మీ మామూలు సేవింగ్స్ ఖాతాని, ఎన్నారైలు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవడం మీరు ఎలాగూ చెయ్యాల్సిన పని. దాంతో మీ ఓటీపీ బాధకి కూడా దారి దొరుకుతుంది. ఎన్నారై ఖాతాలకి చాలా బ్యాంకులు అమెరికా నంబరుని నమోదు చేసుకుంటాయి, ఈమెయిల్‌కి కూడా ఓటీపీ పంపే ఏర్పాటు కొన్నింటికి ఉంది. అప్పుడు కోడ్ నేరుగా మీరు రోజూ వాడే ఫోన్‌కే వస్తుంది. పాస్‌పోర్ట్, వీసా, అమెరికాలో ఉంటున్న ఇంటి చిరునామాకి రుజువు, పాన్, ఫొటోలు పట్టుకెళ్లండి. అద్దె ఒప్పందం కాగితం గానీ మీ పేరు మీదున్న కరెంటు బిల్లు గానీ అక్కడి నుంచే తెచ్చుకోండి, ఇక్కడికొచ్చాక దొరకదు.

కౌంటర్లో కూర్చున్నవారిని మూడు ప్రశ్నలు అడగండి. నా అమెరికా నంబరుకి ఓటీపీ వస్తుందా, లేక బ్యాలెన్స్ అలర్ట్‌లు మాత్రమేనా? ఈమెయిల్ ఓటీపీ ఉందా? ఎస్‌ఎంఎస్ లేకుండా యాప్‌లోనే ఆమోదం తెలిపే పద్ధతి ఉందా? ఈ మూడో ప్రశ్నకి ఇప్పుడు బలం వచ్చింది. 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. రెండంచెల తనిఖీ ఉండాల్సిందే గానీ, ఆ రెండోది ఎస్‌ఎంఎస్ ఓటీపీయే కానక్కర్లేదని వాటి సారం. “చూస్తాం” అన్న జవాబుతో లేచి రావద్దు. నంబరు నమోదయ్యాక అక్కడే కుర్చీలో కూర్చుని ఒక రూపాయి పంపి చూడండి. యూపీఐ కావాలన్నా ఎన్నార్వో ఖాతాకి అమెరికా నంబరుతో వాడుకునే వీలుని 2023లో తెరిచారు. అయితే ఆ సౌకర్యం మీ బ్యాంకు ఇస్తోందా లేదా అన్నది అడగాలి.

ఎన్నార్వోతో ఒక నష్టం ఉంది, దాచను. దానిలో వచ్చే వడ్డీ మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం, పైన సెస్ కలిపి టీడీఎస్ కోస్తారు. మీకు ఇక్కడ పన్ను పడేంత ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. సేవింగ్స్ ఖాతాలో లక్షో రెండు లక్షలో ఉంటే ఆ కోత పెద్దదేమీ కాదు. పెద్ద ఫిక్స్‌డ్ డిపాజిట్ మీ పేరు మీద ఉంటే మాత్రం ఇంట్లో కూర్చుని లెక్క చూసుకోండి.

అదే రోజు, అదే బ్రాంచిలో ఇంకొక కాగితం అడగండి. మీ నాన్నగారికి ఆ ఖాతా నడిపే అధికారం ఇచ్చే మ్యాండేట్ లెటర్, లేదా పవర్ ఆఫ్ అటార్నీ. అది ఉంటే లోన్ వడ్డీ, ఇన్సూరెన్స్ లాంటి ఇక్కడి చెల్లింపులు ఆయన తన సంతకంతోనే చేస్తారు. మీ ఓటీపీ ఆయన చదివే పరిస్థితే రాదు. సిమ్ ఇంటికి పంపించడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అడిగిన ప్రతి తండ్రికీ ఇదే చెప్పాను.

అమెరికా నంబరు నమోదయ్యాక కూడా ఇండియా నంబరుని చావనివ్వకండి. ఆధార్ దానికే ముడిపడి ఉంటుంది, పాన్, పీఎఫ్ పనులకి ఆ కోడ్ కావాలి. ప్రీపెయిడ్ నంబరుని 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ మూసేయవచ్చు. మూసిన నంబరు కొంతకాలానికి ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు మీ ఓటీపీలు ఏ అనకాపల్లిలోనో తెలియని మనిషి ఫోన్‌లో మోగుతాయి. గడువు ఎక్కువ రోజులుండే ప్లాన్ వేయించి, అయిపోయే తేదీని మీ నాన్నగారి క్యాలెండర్ మీద రాయించండి.

బ్యాంకు కాని లాగిన్‌లకి, అంటే జీమెయిల్, గిట్‌హబ్ లాంటివాటికి, ఎస్‌ఎంఎస్ అవసరమే లేకుండా చేసుకోవచ్చు. ఇప్పుడు మీరు లాగిన్ అయి ఉండగానే వాటి సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో Authenticator యాప్ పెట్టుకోండి. అది ప్రతి 30 సెకన్లకి ఒక ఆరంకెల కోడ్ తనే తయారు చేస్తుంది. సిమ్ వద్దు, సిగ్నల్ వద్దు, ఫోన్‌లో టైమ్ సరిగ్గా ఉంటే చాలు. గూగుల్ ఖాతాకి Backup codes కూడా ఉంటాయి, పది కోడ్లు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టుకోండి. ఫోన్ పోతే అవే దిక్కు.

చివరిగా, విమానం ఎక్కేముందు అక్కడే చెయ్యాల్సినది ఒకటుంది. మీరు గాజువాకలో ఉన్న ఆ పదిహేను రోజులూ ఇదే బాధ తిరగబడుతుంది. అమెరికా బ్యాంకు, మీ యూనివర్సిటీ పంపే కోడ్లు మీ అమెరికా నంబరుకి వెళ్తాయి, మీరేమో ఇక్కడ ఉంటారు. మీ ప్లాన్‌లో Wi-Fi Calling ఉంటే దాన్ని అమెరికాలో ఉండగానే ఆన్ చేసుకోండి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు అక్కడి చిరునామా అడుగుతుంది. అది ఆన్‌లో ఉంటే ఇంట్లో వైఫై మీద ఆ నంబరుకి మెసేజ్‌లు అందే వీలుంటుంది. అయితే కొన్ని కంపెనీలు దీన్ని ఇండియా నుంచి వాడనివ్వవు, ప్రీపెయిడ్ ప్లాన్లలో కొన్నింటికి ఉండదు. అందుకని మీ కంపెనీని “ఇండియాలో పనిచేస్తుందా” అని సూటిగా అడగండి. కాదంటే బయల్దేరేలోపే యూనివర్సిటీ లాగిన్‌ని యాప్ మీదికి మార్చుకోండి. అమెరికా ఖాతాలో ఆ పదిహేను రోజుల్లో కట్టాల్సిన అద్దె, ఫీజు ఏమైనా ఉంటే అక్కడి నుంచే కట్టేసి రండి.